వేషం మారాలి, పోలిక పోకూడదు

"బాగుండాది గానీ, మన పాప మాదిరి లేదే."

2025 సెప్టెంబరులో చీరకట్టు ఫోటోల మోజు ఊపందుకున్నప్పుడు మా వైపు చాలా ఇళ్ళల్లో వినబడిన మాట ఇది. ఆ ఏడాది ఆగస్టు 26న గూగుల్ తన జెమినై యాప్‌లో కొత్త బొమ్మల మోడల్‌ను పెట్టింది. దాని ముద్దుపేరు నానో బనానా. (అరటితోటల పులివెందులలో ఆ పేరు విని నవ్వుకోని వాళ్ళుండరు.) చుడీదార్‌లో దిగిన ఫోటో ఒకటి ఇచ్చి నాలుగు ముక్కలు రాస్తే, పాతకాలం సినిమా పోస్టర్‌లో మాదిరి షిఫాన్ చీర, తలలో పూలు, వెనక సాయంకాలపు ఎండతో బొమ్మ వచ్చేది. వెంటనే దసరా. ప్రొద్దుటూరులో దసరా అంటే చెప్పేదేముంది, అమ్మవారిశాల అలంకారాలు చూడడానికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ దిగుతాయి. పట్టుచీరల బొమ్మలు వాట్సాప్ స్టేటస్‌లను నింపేశాయి.

ఆ బొమ్మలు చూసి స్నేహితులు బాగుందన్నారు, కాలేజీ గ్రూపుల్లో గుండె గుర్తులు పడ్డాయి. అమ్మ, నాయనమ్మ మాత్రం తేడా ఉందన్నారు. ఎక్కడ తేడా అంటే చెప్పలేకపోయారు. పెద్దవాళ్ళకు కొత్త వస్తువు నచ్చక అలా అన్నారని పిల్లలు కొట్టిపారేశారు గానీ, ఈ విషయంలో పెద్దవాళ్ళ కన్నే సరైనది. దానికి కారణముంది.

పరిచయం లేని ముఖాన్నీ బాగా తెలిసిన ముఖాన్నీ మనం ఒకే తీరుగా గుర్తుపట్టం. 1979లో హేడిన్ ఎల్లిస్, జాన్ షెపర్డ్, గ్రాహం డేవీస్ అనే బ్రిటన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ సంగతి పరీక్షించారు. కొన్ని ఫోటోల్లో కళ్ళు, ముక్కు, నోరు ఉండే లోపలి భాగాన్ని మాత్రం చూపించారు. మరికొన్నిట్లో జుట్టు, తల ఆకారం, గడ్డం అంచు లాంటి బయటి భాగాన్ని మాత్రం చూపించారు. తెలిసిన ముఖాల విషయానికొస్తే లోపలి భాగం చూసినప్పుడే జనం బాగా గుర్తుపట్టారు. తెలియని ముఖాలకు ఆ మొగ్గు కనబడలేదు. అంటే కొత్తవాళ్ళు జడ, నుదురు, ముఖం చుట్టుకొలతను కూడా అంతే నమ్ముకుంటారు. ఇంట్లోవాళ్ళు చూసేది కనుబొమలకూ పెదవులకూ మధ్యనున్న ఆ కాస్త చోటును. యంత్రం సవరించిన బొమ్మలో జుట్టూ తల ఆకారమూ చక్కగానే మిగులుతాయి. చెడేది ఆ మధ్యచోటే. కాలేజీ గ్రూపులో పాసైన ఫోటో వంటింట్లో ఫెయిలవడానికి కారణమిదే.

అక్కడ ఏం చెడుతుందో తెలియాలంటే ఇంకో పాత ప్రయోగం దగ్గరికి వెళ్ళాలి. 1990లో జుడిత్ లాంగ్లాయిస్, లోరీ రోగ్‌మన్ అనే అమెరికా పరిశోధకులు చాలా ముఖాల్ని కంప్యూటరులో కలిపి సగటు ముఖాలు తయారుచేశారు. ఆ సగటు ముఖాలు, వాటిలో కలిసిన విడి ముఖాల్లో చాలావాటికన్నా అందంగా ఉన్నాయని చూసినవాళ్ళు చెప్పారు. వంకర్లన్నీ ఒకదానికొకటి కొట్టేసుకుపోతాయి, చర్మం మీది మచ్చలు కలిసిపోతాయి, రెండు పక్కలూ సమంగా వస్తాయి. అందమే గానీ, ఆ ముఖం ఎవరిదీ కాదు.

దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉన్నది కేరికేచర్. బాపు ఒక మనిషిని నాలుగు గీతల్లో దించేవాడంటే, ఆ మనిషి ముఖం సగటుకు ఎక్కడ దూరం జరిగిందో పట్టుకుని దాన్నింకాస్త దూరం జరిపేవాడు కాబట్టే. 1987లో గిలియన్ రోడ్స్, సూసన్ బ్రెనన్, సూసన్ కేరీ ఈ పనిని కంప్యూటరు చేత చేయించి కొలిచారు. తెలిసినవాళ్ళ ముఖాలను గీతల్లో గీయించి, కొన్నిట్లో తేడాలు పెంచారు, కొన్నిట్లో తగ్గించి సగటు వైపు నెట్టారు. తేడాలు పెంచిన బొమ్మల్ని జనం అన్నిటికన్నా తొందరగా గుర్తుపట్టారు. సగటు వైపు నెట్టిన వాటికే అన్నిటికన్నా ఎక్కువసేపు తీసుకున్నారు.

కోట్ల కొద్దీ ఫోటోలు చూసి నేర్చుకున్న మోడల్, తనకు సరిగా తెలియని చోటల్లా తాను ఎక్కువగా చూసినదాని వైపే ఒరుగుతుంది. అది చూసినవాటిలో తీర్చిదిద్దిన స్టూడియో ఫోటోలూ సినిమా తారల ఫోటోలూ తక్కువేం కాదు. కాబట్టి అది చేసేది బాపు చేసిన పనికి తలకిందులు పని. ఒత్తు కనుబొమ పలచబడుతుంది, కాస్త పక్కకు తిరిగిన ముక్కు నిటారవుతుంది, వెడల్పుగా ఉన్న దవడ కోలగా అవుతుంది, చామనఛాయ ఒక మెట్టు తెలుపెక్కుతుంది. ఒక్కోటి చూస్తే మెరుగు. అన్నీ కలిస్తే మనిషి మారిపోతాడు. కనుబొమల సంగతైతే ఎంఐటీలో 2003లో ప్రత్యేకంగా చూశారు. ప్రసిద్ధుల ఫోటోల్లో కళ్ళు చెరిపేసినప్పటికన్నా కనుబొమలు చెరిపేసినప్పుడే జనం ఎక్కువ తడబడ్డారు. అలవాటుగా తీర్చేసే ఆ రెండు గీతల్లో పోలిక ఎంత ఉందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు యంత్రం పనితీరు గురించి ఒక్క ముక్క. "చీర మార్చు" అని రాస్తే అది చీర ఉన్న చోట మాత్రమే పని చేస్తుందని మనం అనుకుంటాం. కానీ మాటలతో సవరించే ఎడిటర్లు మామూలుగా బొమ్మ మొత్తాన్నీ కొత్తగా తయారుచేస్తాయి. మనమిచ్చిన ఫోటో వాటికి చూసి గీసుకునే నమూనా, మన మాటలు ఇంకో నమూనా. ముఖం కూడా కొత్తగా గీసినదే. అందుకే చివర్లో "ముఖం మార్చొద్దు" అని రాస్తే తాళం వేసినట్టు కాదు. అది ఫోటో వైపు కాస్త ఎక్కువ మొగ్గమని చేసే విన్నపం. మిగతా వాక్యాలు వేరేవైపు లాగుతుంటే ఈ ఒక్క విన్నపం ఓడిపోతుంది.

లాగే వాక్యం ఎలా ఉంటుందో చూద్దాం. ప్రొద్దుటూరు అమ్మాయి ఒకామెకు నిశ్చితార్థం కార్డు కోసం ఫోటో కావాలనుకుందాం. చేతిలో ఉన్నది ఇంట్లో కిటికీ పక్కన ఫోన్‌తో తీసిన ఫోటో. చుడీదార్, జడ, పెదవులు మూసి చిన్న నవ్వు, వెలుతురు ఫోటోలో ఎడమవైపు నుంచి. ఒత్తయిన కనుబొమలు, పైపెదవి మీద చిన్న పుట్టుమచ్చ. కావలసింది పట్టుచీర, జమ్మలమడుగు దగ్గరి గండికోట లోయ, సాయంకాలం. చాలామంది మొదట రాసేది ఇలా ఉంటుంది:

```
ఈ అమ్మాయిని 1990ల నాటి అందమైన హీరోయిన్‌లా మార్చు.
పట్టుచీర, నగలు, వెనక గండికోట, సాయంత్రం ఎండ.
ముఖం మార్చొద్దు.
```

మొదటి వాక్యంలోనే పని చెడింది. మార్చమన్నది అమ్మాయిని. హీరోయిన్ అంటే యంత్రానికి ఒక చీర కాదు, ఒక కాలపు ముఖాలూ మేకప్పూ కనుబొమలూ అన్నీ కలిసిన మూట. ఆ మూటలో బట్టలు మాత్రం విప్పి ఇచ్చి ముఖం పక్కన పెట్టమంటే దానికి కుదరదు. "అందమైన" అన్నది ఇంకా ప్రమాదం. ఆ మాటకు యంత్రం దగ్గరున్న జవాబు సగటు ముఖమే. 2025 మేలో ఫ్లక్స్ కాంటెక్స్ట్ అనే ఎడిటర్‌ను తెచ్చిన బ్లాక్ ఫారెస్ట్ ల్యాబ్స్ కూడా తమ సూచనల్లో ఇదే చెప్పింది. మనిషిని వైకింగ్ యోధుడిగా మార్చమంటే మనిషే మారిపోవచ్చు, బట్టలు వైకింగ్ బట్టలుగా మార్చమనాలి, ముఖ కవళికలు ఉన్నవి ఉన్నట్టు ఉంచమని విడిగా రాయాలి అని.

అదే కోరికను వస్తువుల్లోకి దించి రాస్తే:

```
ఫోటోలో ఉన్నామె బట్టలు మాత్రమే మార్చు:
ముదురు ఆకుపచ్చ పట్టుచీర, ఎర్ర అంచు, సన్నని జరీ, ఎర్ర జాకెట్.
కనుబొమల ఒత్తు, ముక్కు, దవడ, పైపెదవి మీది పుట్టుమచ్చ,
ఒంటి రంగు, మూసిన పెదవుల నవ్వు మొదటి ఫోటోలో ఉన్నవే.
తల ఒంపు, కెమెరా దూరం, వెలుతురు వచ్చే వైపు కూడా అవే.
```

ఇందులో రెండు సంగతులు గమనించాలి. ముఖాన్ని మనం వర్ణించలేదు. "పెద్ద కళ్ళు, కొనదేలిన ముక్కు" అని రాస్తే యంత్రం ఫోటో వదిలేసి ఆ మాటలకు సరిపడే కళ్ళూ ముక్కూ గీస్తుంది, పెద్దవంటే నిజంగానే పెద్దవి చేస్తుంది. అవయవం పేరు చెప్పి, అది ఎలా ఉండాలో చూసుకోమని ఫోటోకే అప్పగించాలి. ఇక ఆ పేర్లు ఎంచుకున్నది అందం చూసి కాదు, యంత్రం సగటు వైపు నెట్టడానికి వీలున్న చోట్లు చూసి. ఒత్తు కనుబొమ, పుట్టుమచ్చ, ఒంటి రంగు. మీ ముఖంలో ఆ చోట్లు వేరే ఉంటాయి. చిన్నప్పుడు మీకు ఏ పేరు పెట్టి ఏడిపించారో గుర్తుచేసుకుంటే అవి తేలిగ్గా దొరుకుతాయి. రంగు గురించి "తెల్లగా చేయొద్దు" అనేకన్నా "మొదటి ఫోటోలో ఉన్న రంగే" అనడం మేలు. వద్దన్న మాటను కూడా కొన్నిసార్లు ఈ మోడళ్ళు కావాలన్నట్టు పట్టుకుంటాయి.

గండికోట ఈ మొదటి అడుగులో లేదు. కావాలనే వదిలేశాం. చీర సరిగా వచ్చాక, ముఖం సరిచూసుకున్నాక రెండో అడుగులో వెనుక దృశ్యం అడగాలి. పేరొక్కటే రాస్తే ఏదో ఒక కోటగోడ, రాజస్థాన్‌దో మరొకటో వచ్చి కూర్చునే అవకాశముంది. మీ ఫోన్‌లో గండికోట ఫోటో ఉంటే దాన్నే రెండో బొమ్మగా ఇచ్చి, వెనక ఇదే లోయ రావాలని చెప్పడం అన్నిటికన్నా మంచిది. లేకపోతే కళ్ళకు కనబడేది రాయాలి: రెండు పక్కలా పలకలు పలకలుగా పేర్చినట్టున్న ఎర్రటి రాతిగోడలు, మధ్యలో లోతున పెన్నా నీళ్ళు, గట్టు మీద బండరాళ్ళు.

ఎండ దగ్గర చాలా మంది దొరికిపోతారు. కిటికీ వెలుతురు ఎడమవైపు నుంచి పడిన ముఖం మీద, వెనక నుంచి వచ్చే సాయంకాలపు బంగారు ఎండ అడిగితే ఏమవుతుంది? ముక్కు పక్క నీడ, చెంప ఎత్తు, కంటి గుంట అన్నీ కొత్త వెలుతురుకు తగ్గట్టు మళ్ళీ గీయాలి. ముఖం లోతులు మన కంటికి తెలిసేది నీడల వల్లే. నీడలు మారితే లోతులు మారినట్టే. అందుకే ఎండను కూడా ఎడమవైపు నుంచే అడగాలి. వెనక లోయ మీద సాయంత్రపు రంగు ఎంతైనా పోయించుకోవచ్చు, ముఖం మీద మాత్రం ఫోటోలోని వెలుతురే. నిజంగా వెనక ఎండే కావాలంటే, సాయంత్రం మేడ మీదికెక్కి ఎండకు వీపు పెట్టి ఇంకో ఫోటో తీసుకుని దాంతో మొదలుపెట్టడం సులువు.

ఇదే లెక్క తల తిప్పడానికీ నవ్వుకూ వర్తిస్తుంది. ఎదురుగా చూస్తున్న ఫోటో ఇచ్చి పక్కకు తిరిగిన ముఖం అడిగితే, ముక్కు పక్క నుంచి ఎలా ఉంటుందో యంత్రానికి తెలియదు. మూసిన పెదవుల ఫోటో ఇచ్చి పకపకా నవ్వమంటే పళ్ళు ఎక్కడి నుంచి తెస్తుంది? తనకు తోచిన వరస పేరుస్తుంది. ముందు పళ్ళ మధ్య సందున్న మనిషికి ముత్యాల వరస వస్తుంది. ఆ చీరల మోజు రోజుల్లోనే, నిండు చేతుల డ్రెస్సులో దిగిన ఫోటో ఇస్తే, కనబడని తన చేతి మీది పుట్టుమచ్చ బొమ్మలో వచ్చిందని ఒక అమ్మాయి పెట్టిన వీడియో దేశమంతా తిరిగింది. భయపడినవాళ్ళు చాలామంది. కనబడని చోటును యంత్రం ఊహించి నింపుతుందన్నది మాత్రం ఖాయం. ఆ ఊహ ఎప్పుడో ఒకసారి తగలొచ్చు, ఎక్కువసార్లు తప్పుతుంది. తప్పినవాళ్ళు వీడియోలు పెట్టరు.

నగల గురించి బంగారం అంగళ్ళ ఊరివాళ్ళకు ఒక మాట చెప్పాలి. హారం, వంకీ, వడ్డాణం ఎన్నైనా అడగండి, అవి ముఖానికి దూరం. ముక్కుపుడక, పాపిటబిళ్ళ, పెద్ద బుట్టకమ్మలు వేరే సంగతి. ముక్కుపుడక పెట్టమంటే ముక్కుపుటం మళ్ళీ గీయాలి, పాపిటబిళ్ళ దింపితే నుదుటి ఎత్తు మారిపోతుంది. వాటిని అసలు ఫోటోలోనే పెట్టుకుని దిగడం మేలు. అలా కుదరకపోతే చివరి అడుగుగా, ఒక్కొక్కటిగా అడగాలి.

అడుగులు విడదీయమన్నాను గానీ, వాటిని ఎక్కువ చేసినా ముప్పే. వచ్చిన బొమ్మనే మళ్ళీ సవరించమంటే, అది ఈసారి చూసి గీసేది మీ ఫోటోను కాదు, తాను గీసిన ముఖాన్ని. మొదటిసారి జరిగిన చిన్న తేడా రెండోసారికి అసలైపోతుంది, దాని మీద ఇంకో తేడా చేరుతుంది. ఇలా జారిపోవడం తెలిసిన జబ్బే. ఫ్లక్స్ కాంటెక్స్ట్ తయారుచేసినవాళ్ళు వరుస సవరణల్లో ముఖం ఎంత నిలబడిందో ముఖాల్ని పోల్చే సాఫ్ట్‌వేరుతో కొలిచి మరీ చూపించారు. కాబట్టి ముఖం చెడిందనిపించిన క్షణం "ముఖం సరిచేయి" అని అదే వరసలో అడగొద్దు. కొత్త సంభాషణ తెరిచి, అసలు ఫోటో మళ్ళీ ఎక్కించి, ఇప్పటిదాకా బాగా పనిచేసిన వాక్యాలన్నీ ఒకేసారి ఇవ్వాలి.

చెడిందో లేదో తెలుసుకోవడం ఎలా? బొమ్మ మొత్తం చూస్తే చీరా లోయా కంటికి మత్తెక్కిస్తాయి. రెండు ఫోటోల్లోనూ కనుబొమల పైనుంచి కింది పెదవి దాకా మాత్రం కత్తిరించి, కళ్ళ మధ్య దూరం సమానమయ్యేట్టు సర్ది పక్కపక్కన పెట్టండి. జుట్టూ చీరా లేని ఆ చిన్న ముక్కలో తేడా ఇట్టే బయటపడుతుంది. ముక్కు చివరి నుంచి పైపెదవి దాకా ఉన్న ఎడం చూడండి, కనుబొమ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడండి, ఎడమ కన్నూ కుడి కన్నూ మొదట ఉన్నంత వేరుగా ఉన్నాయో లేదో చూడండి. తర్వాత ఆ ముక్కనే, ఏమీ చెప్పకుండా, ఇంట్లో ఒకరికి చూపించండి. ఎవరని అడగాలి గానీ, బాగుందా అని అడగకూడదు.

ఎంత బాగా రాసినా మాటలతో కానిది ఒకటుంది. పెళ్ళి గుంపు ఫోటోలోంచి తాతను కత్తిరించి, గోడకు పెట్టడానికి నిలువెత్తు పటం చేయమని ఫోటో స్టూడియోలకు, ఫ్లెక్సీ షాపులకు వచ్చేవాళ్ళుంటారు. స్టేబుల్ డిఫ్యూజన్ తరహా మోడళ్ళు బొమ్మను నేరుగా చూడవు. ముందు దాన్ని అడ్డంగా ఎనిమిదో వంతుకు, నిలువుగా ఎనిమిదో వంతుకు కుదించుకుని, ఆ కుదింపులో పని చేసి, చివర మళ్ళీ విప్పుతాయి. గుంపు ఫోటోలో తాత ముఖం 80 పిక్సెళ్ళ వెడల్పుంటే, కుదించాక దానికి దక్కేది అడ్డంగా 10 గడులు. రెండు కళ్ళు, వాటి మధ్య ముక్కు, చెంపలు అన్నీ ఆ పదిలో సర్దుకోవాలి. విప్పేటప్పుడు మీసం ఒత్తూ కంటి ముడతలూ చాలావరకు కల్పితమే. ఎంత వివరంగా రాసినా ఆ పది గడుల్లో లేనిది మాటల్లోంచి రాదు. మాటల వల్ల వచ్చేది వేరే తాత. అలాంటప్పుడు పాత పెట్టె వెతికి, ముఖం పెద్దగా ఉన్న ఫోటో, అది నలిగిపోయినదైనా సరే, తెచ్చి స్కాన్ చేయించడమే దారి. ఫోటోను ఫోన్‌తో ఫోటో తీయడం కాదు, స్కాన్.

నిశ్చితార్థం ఫోటో లాంటి వాటికి స్టూడియోవాళ్ళ దగ్గర ఇంకో దారి ఉంది. యంత్రం గీసిన చీరా లోయా అలాగే ఉంచుకుని, ఫోటోషాప్‌లో దాని మీద అసలు ఫోటోను ఇంకో లేయర్‌గా వేస్తారు. ముఖం తప్ప మిగతాదంతా మాస్క్ చేసి తీసేస్తారు. కనుబొమల నుంచి గడ్డం దాకా ఉండేది నిజమైన ముఖమే, గీసినది కాదు. తల ఒంపూ కెమెరా దూరమూ వెలుతురు వైపూ మార్చకూడదని ముందే రాసుకున్నది ఇక్కడ అక్కరకొస్తుంది. ఆ మూడూ నిలిస్తే అతుకు అయిదు నిమిషాల పని. తల కాస్త తిరిగి ఉన్నా ముఖం ముసుగు తొడిగినట్టు కనబడుతుంది. అతుకు దవడ కిందికి, మెడ నీడలోకి దించాలి, చెంప మీద పెట్టకూడదు. మెడ రంగు యంత్రం తెలుపెక్కించి ఉంటే ముఖానికీ మెడకీ మధ్య గీత కనబడుతుంది. అప్పుడు ముఖాన్ని మెడ రంగుకు తేకుండా, మెడనే ముఖం రంగుకు దించాలి.